టీవీ వెనక నాలుగు రంధ్రాలు

టీవీకి గోడ బ్రాకెట్ విడిగా కొనేవారు సాధారణంగా ముందు అంగుళాలే చెబుతారు. కానీ బ్రాకెట్ బిగిసేది తెరకు కాదు, టీవీ వెనకనున్న నాలుగు రంధ్రాలకు. రెండు 43 అంగుళాల టీవీల్లో ఈ రంధ్రాల మధ్య దూరం వేరువేరుగా ఉండవచ్చు. ఈ దూరాలకు వీడియో ఎలక్ట్రానిక్స్ స్టాండర్డ్స్ అసోసియేషన్ కొన్ని ప్రామాణిక కొలతలు నిర్ణయించింది. వాటినే క్లుప్తంగా ‘వెసా’ కొలతలంటారు.

వెసా 400 × 200 అంటే రంధ్రాల మధ్య అడ్డంగా 400, నిలువుగా 200 మిల్లీమీటర్లు. మొదటి అంకె ఎప్పుడూ అడ్డం కొలతే. మాన్యువల్ దొరక్కపోతే టేపుతో కొలవవచ్చు, అయితే అంచుల నుంచి కాక ఒక రంధ్రం నడిమధ్య నుంచి రెండోదాని నడిమధ్యకు కొలవాలి. ఆ కొలత బ్రాకెట్ పెట్టెమీది జాబితాలో ఉంటేనే కొనాలి.

రంధ్రాలు కలిసినా స్క్రూ తేడా రావచ్చు. చిన్న మానిటర్లకు ఎక్కువగా 4 మిల్లీమీటర్ల మందం స్క్రూలు, పెద్ద టీవీలకు 6 లేదా 8 మిల్లీమీటర్లవి పడతాయి. స్క్రూ ముందు చేత్తోనే కొన్ని చుట్లు సాఫీగా తిరగాలి. ప్లేటు ఇంకా వదులుగా ఉండగానే స్క్రూ ఆగిపోయిందంటే అది పొడవెక్కువైనట్టే. బలవంతంగా తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

ఇక బరువు. స్టాండ్ లేకుండా టీవీ ఎంత బరువుందో చూసి, అంతకు మించి మోయగల బ్రాకెట్ తీసుకోవాలి. గోడకు అతుక్కుని ఉండే రకానికి ఈ లెక్క దాదాపు సరిపోతుంది. ముందుకు లాగే చెయ్యి ఉన్న రకంతోనే అసలు చిక్కు. 8 కిలోల టీవీని గోడనుంచి 40 సెంటీమీటర్లు బయటికి లాగారనుకుందాం. గోడ ప్లేటులో పై, కింది బోల్టుల మధ్య దూరం 20 సెంటీమీటర్లు. దూరం రెట్టింపు కాబట్టి పై బోల్టులను గోడలోంచి ఊడలాగే బలం సుమారు 16 కిలోల బరువుకు సమానం. చెయ్యి సొంత బరువు దీనికి అదనం. అందుకే అలాంటి బ్రాకెట్‌కు చెయ్యి పూర్తిగా చాచినప్పుడు ఎంత మోస్తుందో చూసి కొనాలి.

పెట్టెమీద రాసిన కిలోలు బ్రాకెట్ ఇనుముకు సంబంధించినవి, గోడకు హామీ కావు. సిమెంటు పూత బోల్టును పట్టి ఉంచదు. యాంకర్ పూతను దాటి ఇటుకలోకో కాంక్రీటులోకో దిగాలి. బోలు ఇటుకలకూ తేలికపాటి బ్లాకులకూ వాటికోసం చేసిన యాంకర్లే వాడాలి. జిప్సం బోర్డయితే వెనకనున్న ఫ్రేములోకే బోల్టు దిగాలి. బిగించాక కొన్నాళ్లకు ప్లేటు పై అంచు దగ్గర గోడకు సందు కనిపించినా, రంధ్రం చుట్టూ పూత రాలినా పై యాంకర్లు జారుతున్నట్టు. అప్పుడు బోల్టును మళ్లీ బిగించి ఊరుకోకూడదు. టీవీ దించి, గట్టి చోట కొత్త రంధ్రాలు వేయాలి.