లట్ వేసే ముందే వెలుగు సరిచేయాలి

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే గదుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది: "లట్ వేయగానే మొహాలు పాలిపోతున్నాయి, పంచె మీద మడతలన్నీ మాయమైపోతున్నాయి." వెంటనే ఇంకో లట్ కోసం వెతుకులాట మొదలవుతుంది. దొరికినవన్నీ వేసి చూస్తారు. నా ఉద్దేశంలో చాలాసార్లు లోపం లట్‌ది కాదు. దానికి మనం అందించిన ఎక్స్‌పోజర్‌ది.

ముందు లాగ్ సంగతి చూద్దాం. ఎండలో మెరిసే తెల్లటి బట్ట, పందిరి నీడలో కూర్చున్న పెద్దవాళ్లు ఒకే ఫ్రేములో ఉంటే, మామూలు వీడియో ఆ రెంటిలో ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. లాగ్‌లో రికార్డు చేస్తే కెమెరా వెలుగునంతా నొక్కి సర్దుతుంది. వెలుగు రెట్టింపైన ప్రతిసారీ, అంటే ఒక్కో స్టాప్‌కీ, దాదాపు ఒకే పాటి చోటు కేటాయిస్తుంది. అందుకే ఆ ఫుటేజీ తెర మీద బూడిదగా, రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. దాన్ని మళ్లీ మామూలు టీవీ, ఫోన్ తెరలకు తగిన రంగుల్లోకి, కాంట్రాస్ట్‌లోకి తెచ్చేది కన్వర్షన్ లట్.

మన దగ్గర చాలామంది వాడే సోనీ ఎస్-లాగ్3నే తీసుకుందాం. 10-బిట్ ఫుటేజీలో వెలుగును 0 నుంచి 1023 దాకా అంకెలతో కొలుస్తారు. సరైన ఎక్స్‌పోజర్‌లో 18 శాతం గ్రే కార్డు 420 దగ్గర పడాలి. తెల్ల కాగితం లాంటి 90 శాతం తెలుపు 598 దగ్గర పడాలి. తెలుపే సగానికి కొంచెం పైన ఆగిపోతోందేమిటని మొదట ఆశ్చర్యం వేస్తుంది. ఆ పైనున్న చోటంతా ఆకాశానికి, దీపాలకు, నగల మెరుపుకు అట్టిపెట్టింది.

లట్ అంటే ఒక పట్టిక. ఈ అంకె లోపలికి వస్తే ఆ అంకె బయటికి పంపాలని అందులో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ షాట్ ఎండలో తీశారా, నీడలో తీశారా అన్నది దానికి తెలియదు. 420 వస్తే అది గ్రే అనే నమ్ముతుంది. 750 వస్తే అది తెలుపును మించిన మెరుపు అనుకుని, అంచు దగ్గర నొక్కేస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నీడల్లో గరగర రాకూడదని చాలామంది ఎస్-లాగ్3ని కావాలనే ఒకటి రెండు స్టాపులు ఎక్కువ వెలుగుతో తీస్తారు. అది మంచి అలవాటే. కానీ పెంచిన వెలుగును ఎడిటింగ్‌లో దించాలి, అదీ లట్‌కి ముందే దించాలి.

ఒక షాట్ తీసుకుని చూద్దాం. పగటి ముహూర్తం, తెల్ల పంచెలో పెళ్లికొడుకు, రెండు స్టాపులు ఎక్కువ ఎక్స్‌పోజర్. డావిన్చి రిజాల్వ్‌లో వేవ్‌ఫామ్ తెరిస్తే గ్రే కార్డు 420 దగ్గర కాకుండా 573 దగ్గర కనిపిస్తుంది. పంచె 598కి బదులు 754కి ఎక్కి ఉంటుంది. ఈ స్థితిలో లట్ వేస్తే పంచె మడతల మధ్య తేడాలన్నీ పైఅంచున ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు లట్ తర్వాతి నోడ్‌లో వెలుగు తగ్గించి చూడండి. తెలుపు కాస్తా బూడిద రంగు అవుతుంది తప్ప మడతలు తిరిగి రావు. అతుక్కుపోయిన అంకెలను విడదీయడానికి ఆ తర్వాతి నోడ్ దగ్గర ఆధారమేమీ ఉండదు.

అదే పని లట్‌కి ముందు చేస్తే ఫలితం పూర్తిగా వేరు. మొదటి నోడ్ ఎక్స్‌పోజర్‌కి, వైట్ బ్యాలెన్స్‌కి ఉంచండి. ఆల్ట్ ఎస్ నొక్కి రెండో నోడ్ తెరిచి, సోనీ ఇచ్చిన `SLog3SGamut3.CineToLC-709TypeA` లాంటి లట్‌ను అందులో పెట్టండి. రెండో నోడ్‌ను కాసేపు ఆపి, మొదటి నోడ్‌లో ఆఫ్‌సెట్ చక్రాన్ని తగ్గిస్తూ గ్రే కార్డు 420 దగ్గరికి వచ్చేదాకా దించండి. మన షాట్‌లో అది 153 అంకెల దూరం. పంచె కూడా దాంతోపాటే దిగి 601 దగ్గర ఆగుతుంది. ఉండాల్సింది 598 కాబట్టి సరిపోయినట్టే. ఇప్పుడు లట్ ఆన్ చేస్తే మడతలు, అంచు జరీ అన్నీ చోటు చేసుకుంటాయి.

ఆఫ్‌సెట్‌కి ఒక పరిమితి ఉంది, అది జుట్టు దగ్గర బయటపడుతుంది. ఎస్-లాగ్3 రేఖ నలుపు దగ్గర వంగుతుంది, అక్కడ ఒక్కో స్టాప్‌కి దక్కే చోటు తక్కువ. 2 శాతం వెలుగునే తిప్పి పంపే నల్లటి జుట్టు మన షాట్‌లో 335 దగ్గర ఉంటుంది. 153 తీసేస్తే 182 అవుతుంది, నిజానికి అది 210 దగ్గర ఉండాలి. పెళ్లికూతురి జడలో పాయలు కనబడకుండా సిరా ఒలికినట్టు నల్లముద్దగా మారేది ఇందువల్లే. రెండు స్టాపులంత పెద్ద మార్పుకు నేనైతే ఆఫ్‌సెట్ వాడను. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌లైన్ కలర్ స్పేస్‌ను ఎస్-గామట్3.సినీ, ఎస్-లాగ్3గా పెట్టి, మొదటి నోడ్ మీద రైట్ క్లిక్ చేసి గామాను లీనియర్‌కి మారుస్తాను. అప్పుడు గెయిన్ చక్రం అసలైన వెలుగునే గుణిస్తుంది. 0.5 పెడితే ఒక స్టాప్, 0.25 పెడితే రెండు స్టాపులు తగ్గుతుంది. కెమెరా ఎపర్చర్‌ను రెండు స్టాపులు మూసినట్టే గ్రే, పంచె, జుట్టు మూడూ వాటి వాటి చోట్లకు చేరతాయి.

గ్రే కార్డు తీయని షాట్ల సంగతేమిటి? చాలామంది మొహాన్ని కొలతగా పెట్టుకుంటారు. పాశ్చాత్య ట్యుటోరియల్స్‌లో మొహం వేవ్‌ఫామ్ మీద 50 శాతం దగ్గర ఉండాలని చెప్పేది తెల్లటి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని. చామనఛాయ మొహాన్ని అక్కడికి లాగితే అది నిజం కన్నా తెల్లగా, ఉప్పు పూసినట్టు కనిపిస్తుంది. మన చామనఛాయ చాలావరకు గ్రేకి అటూ ఇటూగానే, అంటే 41 శాతానికి దగ్గరలోనే ఉంటుంది. అయినా మనిషి మనిషికీ ఛాయ మారుతుంది కాబట్టి, వెలుగు మారిన ప్రతిచోటా కార్డును కొన్ని క్షణాలు రికార్డు చేయడమే నమ్మకమైన పని.

లట్, ఫుటేజీ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో కూడా చూసుకోవాలి. సోనీలో పీపీ8కి ముందుగా పెట్టి ఉండేది ఎస్-గామట్3.సినీ, పీపీ9కి ఎస్-గామట్3. రెంటిలో లాగ్ రేఖ ఒకటే కాబట్టి వెలుగు సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది, రంగులు మాత్రం తప్పుతాయి. వేవ్‌ఫామ్ బాగానే ఉండి ఎరుపులు, చర్మం రంగు తేడాగా తోస్తే ముందు ఇదే అనుమానించండి.

ఇక షూటింగ్‌లోనే పోయిన వెలుగు. వేవ్‌ఫామ్ పైభాగంలో గీత గీసినట్టు బల్లపరుపుగా కనిపిస్తే అక్కడ సెన్సర్ నిండిపోయిందని అర్థం. అలాంటి షాట్‌ను రెండు స్టాపులు దించితే ఆ గీత కూడా కిందికి దిగుతుంది. కిటికీ బయటి ఆకాశం తెల్లగా కాకుండా మబ్బు బూడిదలా కనిపించేది అందుకే. లట్ తర్వాత మరో నోడ్ తీసి కర్వ్‌లో పైకొసను మాత్రమే ఎత్తితే ఆకాశం మళ్లీ తెల్లబడుతుంది. కానీ అందులో మేఘాలు రావు. ఎర్ర చీర మీద, దీపం మంట మీద కొన్నిసార్లు ఒక్క ఎరుపు చానలే నిండిపోతుంది. అప్పుడు వెలుగు దించినా రంగు నారింజకో గులాబీకో జారుతుంది, దాన్ని పూర్తిగా వెనక్కి తేలేం. కెమెరాలో జీబ్రాను 94+ దగ్గర పెట్టుకుని, చీర మీద, నుదుటి మీద చారలు కనిపించగానే ఎపర్చర్ మూసేస్తే ఈ నష్టం కొంత తగ్గుతుంది.