పట్టికను చదవడం నేర్చిన యంత్రం

2011 జనగణన పట్టికను ఒక అధ్యాపకుడు ఫోన్‌తో ఫొటో తీశాడనుకుందాం. 28 రాష్ట్రాలు, 7 కేంద్రపాలిత ప్రాంతాలు. శీర్షిక, దేశం మొత్తం కలిపి 37 వరుసలు. ఆ ఫొటోను అలాగే స్లయిడ్ మీద అతికిస్తే, 768 గీతల ప్రొజెక్టరులో ఒక్కో వరుసకు దక్కేది సుమారు 20 చుక్కలే. అంకెకు అందులో సగమే మిగులుతుంది. 3, 8 ఒకేలా కనిపిస్తాయి, సన్నటి గళ్ల గీతలు అక్కడక్కడ మాయమవుతాయి. ఫొటోలోని పట్టికను మళ్లీ అసలైన పట్టికగా మార్చాల్సింది అందుకే.

అక్షరాన్ని గుర్తుపట్టే యంత్రం పాతదే. ఆస్ట్రియాకు చెందిన గుస్తావ్ టౌషెక్ 1929లో జర్మనీలో దీనికి పేటెంటు పొందాడు. అక్షరాల ఆకారంలో కోసిన రంధ్రాల వెనుక వెలుగును పసిగట్టే పరికరం పెట్టి, ఏ ఆకారం సరిపోయిందో అది తేల్చేలా చేశాడు. 1976లో రే కర్జ్‌వైల్ అంధుల కోసం తెచ్చిన యంత్రం రకరకాల అచ్చులను చదివి వినిపించింది. 1985లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో మొదలైన టెస్సరాక్ట్ 2005లో అందరికీ ఉచితంగా అందింది.

అయితే పట్టికలో అంకెను గుర్తించడం సగం పనే. ‘973’ అనే సంఖ్యకు అర్థం అది ఏ వరుసలో, ఏ నిలువు గడిలో ఉందన్న దాన్ని బట్టే వస్తుంది. అందుకే పట్టికలు చదివే సాఫ్ట్‌వేర్ గీతలను వెతుకుతుంది. గీతలు లేనిచోట, పై నుంచి కింది దాకా అక్షరం తగలని ఖాళీ పట్టీలను గడుల హద్దులుగా తీసుకుంటుంది. ఫొటో వంకరగా ఉంటే ఆ పట్టీలు మూసుకుపోతాయి, రెండు గడులు ఒకటిగా కలిసిపోతాయి. కాగితానికి ఎదురుగా, నీడ పడకుండా ఫొటో తీస్తే చాలా తప్పులు తగ్గుతాయి.

2019లో ఫోన్లలోని ఎక్సెల్‌కు ఈ విద్య వచ్చింది, తర్వాత కంప్యూటరుకూ చేరింది. Data మెనూలో From Picture ఎంచుకుంటే, చదివిన పట్టికను చూపి, తనకు అనుమానమున్న గడులకు రంగు వేసి సరిచూడమంటుంది. ధీమాగా తప్పు చదివిన గడికి మాత్రం రంగు వేయదు. దాన్ని లెక్కతోనే పట్టుకోవాలి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పురుషులు 4,24,42,146, స్త్రీలు 4,21,38,631, మొత్తం 8,45,80,777. స్త్రీల సంఖ్యలో 8ని 3గా చదివితే 4,21,33,631 అవుతుంది, కూడిక మొత్తానికి సరిగ్గా 5,000 తగ్గుతుంది. వరుసలు ఒక మెట్టు జరిగి, పక్క రాష్ట్రం పేరు వచ్చి చేరితే కూడిక దాన్ని పట్టుకోలేదు. మొదటి, మధ్య, చివరి వరుసలను ఫొటోతో పోల్చి చూడాల్సిందే.

అంకెలన్నీ సరిగ్గా వచ్చినా పట్టిక ఇంకా స్లయిడ్‌కు సిద్ధం కాలేదు. మామూలు చూపున్న కన్నుకు అక్షరం కనీసం 5 నిమిషాల కోణంలో కనబడాలి. నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. మీటరున్నర ఎత్తు తెర, తొమ్మిది మీటర్ల దూరంలో చివరి బల్ల అనుకుందాం. ఏడున్నర అంగుళాల స్లయిడ్‌లో 37 వరుసలు ఇరికిస్తే అక్షరం 10 పాయింట్లకు మించదు. చివరి బల్లకు అది 7 నిమిషాల కోణమే, కష్టపడి చదవాలి. 28 పాయింట్లయితే 20 నిమిషాలు దాటుతుంది, హాయిగా చదవొచ్చు.

కాబట్టి వరుసలు తగ్గించక తప్పదు. చెప్పదలచింది దక్షిణాది స్త్రీ పురుష నిష్పత్తి అయితే, నాలుగు రాష్ట్రాలు, మూడు నిలువు గడులు చాలు. రెండో గడిలో జనాభా కోట్లలో, మూడో గడిలో ప్రతి వెయ్యిమంది పురుషులకు స్త్రీల సంఖ్య:

| రాష్ట్రం | జనాభా | స్త్రీలు |
|---|---:|---:|
| కేరళ | 3.34 | 1084 |
| తమిళనాడు | 7.21 | 996 |
| ఆంధ్రప్రదేశ్ | 8.46 | 993 |
| కర్ణాటక | 6.11 | 973 |

పేర్లు ఎడమకు, అంకెలు కుడికి సర్దితే ఒకట్లు ఒకట్ల కిందే పడతాయి. పెద్ద నుంచి చిన్నకు అమర్చితే తేడా వెతక్కుండానే తెలుస్తుంది. పూర్తి పట్టికను కాగితం మీద పంచాలి.

రంగుల సంగతీ చూడాలి. ప్రొజెక్టరు నలుపును వేయలేదు. వెలుగు పంపకుండా ఊరుకుంటుందంతే. గదిలో దీపాలుంటే ఆ చోటూ బూడిదరంగుకు తిరుగుతుంది, లేత బూడిద గీతలు తెల్లదనంలో కలిసిపోతాయి. వెలుతురున్న గదికి తెల్లని నేల మీద ముదురు అక్షరాలే మేలు.

గదికి వెళ్లకముందే అక్షరాల పరిమాణాన్ని పరీక్షించవచ్చు. తెర ఎత్తుకు చివరి బల్ల దూరం ఆరు రెట్లు కాబట్టి, కంప్యూటరు మీద స్లయిడ్ ఎత్తు 18 సెంటీమీటర్లుంటే 108 సెంటీమీటర్ల దూరం నుంచి చూడాలి. కోణం ఒకటే. అక్కడి నుంచి అతి చిన్న అంకె తడబడకుండా చదవగలిగితే పరిమాణం సరిపోయినట్టే. రంగులను మాత్రం ఆ గదిలో, ఆ దీపాల కిందే చూసుకోవాలి.