చూడనివాళ్ల జవాబు

ఒక ప్రకటనను బొత్తిగా చూడనివాళ్లను వంద మందిని పోగేసి, ‘ఈ మధ్య ఈ కంపెనీ ప్రకటన చూశారా?’ అని అడగండి. కంపెనీ కాస్త పేరున్నదైతే పాతిక మంది దాకా చూశామనే అంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. పేరు తెలిసినది కాబట్టి ప్రకటన కూడా ఎక్కడో కంటబడే ఉంటుందని వాళ్లకు నిజంగానే అనిపిస్తుంది. బ్రాండ్ లిఫ్ట్ సర్వే అనే కొలత సాధనం ఈ పాతిక మందిని లెక్కలోంచి తీసేయడానికే ఉంది. అయితే అది ఈ రూపానికి రావడానికి దశాబ్దాలు పట్టింది.

టెడ్ బేట్స్ అనే అమెరికా ప్రకటనల సంస్థకు చెందిన రాసర్ రీవ్స్ 1961లో ‘రియాలిటీ ఇన్ అడ్వర్టైజింగ్’ అనే పుస్తకం వేశాడు. అందులో ఆయన చెప్పిన లెక్క ఇలా సాగుతుంది: ప్రకటన గుర్తులేనివాళ్లలో నూటికి 5 మంది సరుకు వాడుతున్నారు, గుర్తున్నవాళ్లలో 25 మంది వాడుతున్నారు, కాబట్టి తక్కిన 20 మందినీ లాక్కొచ్చింది ప్రకటనే. వినడానికి పకడ్బందీగానే ఉంది. కానీ ఫలానా బండి ఇప్పటికే నడుపుతున్నవాడికి ఆ బండి ప్రకటన వెంటనే కంటబడుతుంది, గుర్తూ ఉంటుంది. ప్రకటన వల్ల కొన్నారా, కొన్నందువల్ల గుర్తుపెట్టుకున్నారా అన్నది ఈ లెక్క తేల్చలేదు. గుర్తున్నవాళ్లు, లేనివాళ్లు అంటూ జనం వాళ్లంతట వాళ్లే విడిపోయారు, మరి. ఎవరు ఏ గుంపులో ఉండాలో సర్వే చేసేవాళ్లు చీటీలు తీసినట్టు నిర్ణయించాలి.

అచ్చు పత్రికతోనో టీవీతోనో అది తేలిక కాదు. వెబ్ వచ్చాక వీలైంది. 1996లో రెక్స్ బ్రిగ్స్, నైజెల్ హోలిస్ హాట్‌వైర్డ్ అనే వెబ్‌సైట్‌కు వచ్చినవాళ్లలో కొందరికి పరీక్షిస్తున్న బ్యానర్ చూపించి, కొందరికి చూపించకుండా, తర్వాత రెండు గుంపులనూ ప్రశ్నలడిగారు. క్లిక్ చేయకపోయినా బ్యానర్ బ్రాండు ఎరుకను పెంచగలదని ఆ అధ్యయనం చూపింది. నేటి వీడియో వేదికలు ఇంకో అడుగు వేశాయి. ప్రకటన తెరమీదికి రావాల్సిన క్షణంలోనే కొందరికి దాన్ని ఆపేస్తాయి. అంటే కంట్రోల్ గుంపులో ఉన్నదీ ఆ ప్రకటన చూడబోయినవాళ్లే, ఎవరో దారినపోయేవాళ్లు కాదు.

ఇక ఫలితం చదవడం. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. చూసినవాళ్లు 2,000 మంది, చూడనివాళ్లు 2,000 మంది జవాబిచ్చారు. ప్రకటన గుర్తుందన్నవాళ్లు మొదటి గుంపులో 31 శాతం, రెండో గుంపులో 25 శాతం. తేడా 6 పాయింట్లు. ఇదే తేడాను 25తో భాగించి ‘24 శాతం పెరుగుదల’ అని స్లైడు మీద పెద్ద అక్షరాల్లో వేసేవాళ్లుంటారు. లెక్క తప్పు కాదు. కానీ కంట్రోల్ అంకె చిన్నదయ్యేకొద్దీ ఈ శాతం ఉబ్బిపోతుంది: 2 శాతం 4 శాతమైతే ‘100 శాతం పెరుగుదల’! నా మటుకు నేను ముందు కంట్రోల్ అంకె చూస్తాను, తర్వాత పాయింట్లు చూస్తాను, శాతం జోలికి చివర్న పోతాను.

ఆ 6 పాయింట్లకూ ఊగిసలాట ఉంది. ఇంతమంది జవాబులతో అది రెండు వైపులా సుమారు 2.8 పాయింట్లు. కాబట్టి అసలు పెరుగుదల 3 నుంచి 9 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, సున్నా మాత్రం కాదనుకోవచ్చు. అదే సర్వేలో ‘ఈ బ్రాండు పేరు విన్నారా?’ అన్న ప్రశ్నకు 63, 62 శాతం వచ్చాయనుకోండి. తేడా 1 పాయింటు, ఊగిసలాట 3. దీన్నిబట్టి ఎరుక పెరిగిందనీ అనలేం, పెరగలేదనీ అనలేం. ఆ ఒక్క పాయింటు నిజమో కాదో తేలాలంటే ఒక్కో గుంపులో దాదాపు 18,000 జవాబులు కావాలి. పెద్ద తేడా ఎక్కడో ఉండే ఉంటుందని వయసులవారీగా, ఊళ్లవారీగా కోసుకుంటూ పోతే ఒక్కో ముక్కలో 300 మందే మిగులుతారు, ఊగిసలాట 7 పాయింట్లకు చేరుతుంది. ఇరవై ముక్కలు కోస్తే ఏదో ఒకటి ఊరికే మెరుస్తుంది.

ప్రకటన గుర్తుండటం ఎక్కువ పెరిగి, పేరు ఎరుక కదలకపోవడం మామూలే. చూసిన ఒకటి రెండు రోజుల్లో అడిగితే వీడియో జ్ఞాపకం ఉంటుంది. అప్పటికే అందరికీ తెలిసిన పేరును ఇంకెంత తెలియజెప్పగలం? అలా కాక, గుర్తుండటం కూడా పెరగకపోతే బ్రాండు పేరు వీడియోలో ఏ సెకనులో వస్తోందో చూడాలి. చాలామంది అప్పటికే స్కిప్ నొక్కేసి ఉండొచ్చు.

ఇంకో చిక్కు టీవీతో వస్తుంది. అదే నెలలో టీవీలో హోరెత్తిస్తే ఆ ప్రచారం రెండు గుంపుల చెవినా పడుతుంది. కంట్రోల్ 25 నుంచి 38కి పోతుంది, చూసినవాళ్లు 41 దగ్గర ఆగుతారు. రిపోర్టులో 3 పాయింట్లే కనబడతాయి, వీడియో పనిచేయలేదని మీటింగులో గొడవ మొదలవుతుంది. సర్వే కొలిచింది టీవీ పైన వీడియో అదనంగా తెచ్చిన మూడు పాయింట్లనే. కంట్రోల్ 13 పాయింట్లు ఎందుకు ఎక్కిందన్న ప్రశ్నను అడగాల్సింది వీడియో బృందాన్ని కాదు, టీవీ బడ్జెట్ పట్టికను.