హుషారు నుంచి అమాయకత్వం దాకా: తెలివిని చెప్పే పదాల్లో మెప్పు, హెచ్చరిక

ఉపోద్ఘాతం

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ మండలం 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో భాగం. ఇక్కడి ఆదివాసీ గూడేలలో గోండి వినిపిస్తుంది. తండాలలో లంబాడీ, బడిలోనూ కార్యాలయంలోనూ తెలుగు, అంగడిలో తెలుగుతోపాటు ఉర్దూ, మరాఠీ వినిపిస్తాయి. ఇన్ని భాషలు ఒరుసుకొనే చోట మనిషి తెలివిని గురించి చెప్పే మాటలు ఒక భాష నుంచి మరొక భాషలోకి సులభంగా దాటుతాయి. దాటేటప్పుడు పదం చెక్కుచెదరకపోవచ్చు గాని, దాని విలువ మారిపోతుంది. ఒక చోట మెప్పుగా ఉన్నది మరొక చోట హెచ్చరిక అవుతుంది. ఉత్తర తెలంగాణ వాడుకను ఆధారం చేసుకొని, తెలివిని చెప్పే తెలుగు పదాలలో ఏవి పొగుడుతాయి, ఏవి జాగ్రత్త చెబుతాయి, ఆ తేడాను ఏది నిర్ణయిస్తుంది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మెలకువ నుంచి తెలివి

తెలుగులో ఈ అర్థానికి మూలపదం ‘తెలివి’. తెలి, తేట, తెలియు, తెల్లవారు అనే మాటలకు ఇది బంధువు. తమిళంలో దీనికి సాటియైన ‘తెళివు’ అనే మాటకు స్పష్టత అని అర్థం. అందుచేతనే తెలుగులో ‘తెలివి తప్పింది’ అంటే స్పృహ పోయిందని, ‘తెలివి వచ్చింది’ అంటే స్పృహ కలిగిందని అర్థం. మొదట అది మెలకువ, ఆ తరువాతనే బుద్ధిబలం.

పారసీకం నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన ‘హుషారు’ కూడా ఇదే దారిలో నడిచింది. దాని మూలమైన ‘హోషియార్’లోని ‘హోష్’ అంటే స్పృహ. సంబంధం లేని రెండు భాషాకుటుంబాలు తెలివిని మెలకువతోనే పోల్చుకోవడం గమనించదగినది. అయితే కోస్తా జిల్లాల వాడుకలో హుషారు ఉత్సాహంగా మారింది. పాట హుషారుగా ఉంటుంది, పెళ్లిలో కుర్రాళ్లు హుషారుగా తిరుగుతారు. తెలంగాణలో ఆ అర్థంతోపాటు పాత అర్థం కూడా నిలిచింది. ఇక్కడ హుషారైన పిల్లవాడంటే చదువులో ముందుండేవాడు. ఒక ప్రాంతంవారు పిల్లవాణ్ణి మెచ్చుకొంటే, మరొక ప్రాంతంవారు అతడు సరదా మనిషి అనుకొనే వీలుంది.

ఒకే వాక్యంలో రెండు హుషార్లు

ఆదిలాబాద్ నల్లరేగడి నేలల్లో పత్తి ప్రధానమైన పంట. పత్తి అమ్మబోయే తమ్మునికి అన్న చెప్పదగిన వాక్యాన్ని ఊహించి చూడవచ్చు: “జర హుషార్‌గ ఉండు తమ్మీ, గా సేటు మస్తు హుషారు.” మొదటి హుషారు సలహా, రెండవది హెచ్చరిక. ఇదే అన్న ఇంటికి వచ్చి కొడుకును గురించి “మా పిల్లగాడు లెక్కల్ల హుషారు” అంటే అది నిండైన మెప్పు. మూడు చోట్లా పదం ఒక్కటే. నిఘంటువు చూసినంత మాత్రాన ఈ తేడా అంతుపట్టదు.

భేదం ఎక్కడుందో చూడాలంటే వాక్యంలోని మిగిలిన మాటలను పట్టించుకోవాలి. కొడుకును గురించిన వాక్యంలో ‘లెక్కల్ల’ అనే హద్దు ఉన్నది. ఆ తెలివి ఏ పనిలో పనిచేస్తుందో విన్నవారికి తెలుసు. సేటును గురించిన వాక్యంలో అటువంటి హద్దు లేదు. అతని తెలివి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. తూకంలో కావచ్చు, తేమ పేరుతో ధర తగ్గించడంలో కావచ్చు, పాత బాకీ లెక్కలో కావచ్చు. తెలుగు వాడుకలో పనికి కట్టుబడిన తెలివి సాధారణంగా మెప్పునందుకొంటుంది. హద్దు చెప్పని తెలివి అనుమానానికి తావిస్తుంది. ‘వ్యవసాయంలో తెలివైనవాడు’ అన్నప్పుడు లేని కొస ‘వాడు తెలివైనవాడే’ అన్నప్పుడు వినిపిస్తుంది. చివర చేరిన ‘ఏ’ అనే అవధారణ పొగడ్తను ఒప్పుకోలుగా మార్చి, దాని వెనుక ఒక ‘కాని’ ఉన్నదని సూచిస్తుంది.

ఎరువు మాటలు ఎటు తిరిగాయి?

పారసీకంలోని ‘చాలాక్’ అంటే మొదట చురుకైనవాడు. హిందీ, ఉర్దూ వాడుకలో అది క్రమంగా కపటం వైపు ఒరిగింది. తెలుగులో స్థిరపడిన ‘చలాకీ’ మాత్రం ఆ మచ్చను అంటించుకోలేదు. చలాకీ పిల్ల అంటే చురుకైనది, కలుపుగోలుతనం గలది, అంతే. ఉర్దూ బాగా తెలిసిన తెలంగాణ వక్త ‘చాలాక్’ అన్నప్పుడు హెచ్చరించవచ్చు, ‘చలాకీ’ అన్నప్పుడు మెచ్చుకోవచ్చు. మూలం ఒక్కటే అయినా అతని నోట అవి రెండు వేరు పదాలు.

‘కిలాడీ’ దీనికి ఎదురుగా నడిచింది. హిందీలో ‘ఖిలాడీ’ అంటే ఆటగాడు, క్రీడాకారులకు గౌరవంగానే వాడతారు. తెలుగులోకి వచ్చేసరికి ఆట పోయి ఎత్తుగడ మిగిలింది. కిలాడీ అంటే మోసగాడు, కిలాడీ లేడీ అంటే మోసగత్తె.

సరిహద్దు అవతలి మరాఠీలో ‘శహాణా’ అంటే బుద్ధిమంతుడు, వివేకి. కాని ‘దీడ్ శహాణా’, అంటే ఒకటిన్నర బుద్ధిమంతుడు, అన్నారంటే అది ఎగతాళి. ఉన్నది ఒకటైతే గౌరవం, అర అదనంగా చేరితే అపహాస్యం. దక్ఖనీలోని ‘షాణా’ ఎక్కువగా ఈ రెండవ రంగుతోనే వినిపిస్తుంది. తెలుగు ఈ లెక్కను ‘అతి’ అనే ఉపసర్గతో చేస్తుంది. తెలివి మంచిది, అతితెలివి చెడ్డది. అతితెలివి గలవాడు నిజానికి తెలివి ఎక్కువైనవాడు కాడు. ఎదుటివారికి తెలివి లేదని తప్పుగా అంచనా వేసినవాడు. ఇటువంటి పదాలు మనిషి బుద్ధి పరిమాణాన్ని గాక, అతడు ఇతరులను చూసే తీరును కొలుస్తాయి.

గట్టిదనం, ముదురుదనం

అచ్చతెలుగు పదాలలో చాలావరకు చేతితో తాకి చూసే గుణాల నుంచి వచ్చాయి. ‘గడుసు’కు గట్టిదనం అనే అర్థమున్నది. గడుసరి తేలికగా లొంగడు, మాటకు మాట అప్పజెబుతాడు. తెలంగాణ పల్లెల్లో ‘గట్టోడు’ అన్నా ఇదే భావం. ఇందులో మోసమున్నదన్న ఆరోపణ లేదు, మోసపోడన్న హామీ ఉన్నది. ‘ముదురు’ అలా కాదు. బెండకాయ లేతగా ఉంటే కూరకు పనికివస్తుంది, ముదిరితే పనికిరాదు. వయసుకు మించిన లోకజ్ఞానం చూపేవాణ్ణి ముదురు అనడంలో ఈ వంటింటి తీర్పు దాగి ఉన్నది.

గట్టిదనం మగవానికి మెప్పయినంత సులభంగా స్త్రీకి కాదు. కొడుకు గట్టోడైతే తల్లి సంతోషిస్తుంది. కోడలు గడుసుదని తెలిస్తే పెళ్లిచూపులకు వెళ్లినవారు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ‘జాణ’ అనే మాట ఇంకా స్పష్టమైన సాక్ష్యం. సంస్కృతంలోని జ్ఞా ధాతువుకు ప్రాకృత రూపం నుంచి వచ్చిన ఈ పదానికి తెలిసినవారు, నేర్పు గలవారు అని అర్థం. స్త్రీ విషయంలో వాడగా వాడగా ఆ తెలివి సరససంభాషణకు కుదించుకుపోయింది. నేడు ఒక అధ్యాపకురాలిని జాణ అని పరిచయం చేయడం సాధ్యం కాదు. ‘బుద్ధిమంతుడు’ మరొక రకంగా కుదించుకుపోయింది. సంస్కృతంలో మేధ గలవాడని చెప్పే ఈ మాట తెలుగు ఇంట్లో చెప్పినట్లు వినే పిల్లవానికి చెందింది. ‘బుద్ధిగా కూర్చో’ అనే తల్లి పిల్లవాణ్ణి ఆలోచించమనడం లేదు, అల్లరి మానమంటున్నది.

జిత్తు, ఉపాయం

‘మారి’ చివర గల పదాలను వరుసగా చూస్తే ఒక నియమం కనబడుతుంది. జిత్తులమారి, టక్కులమారి, మాయలమారి, తగవులమారి అనేవాటిలో ఒక్కటీ మెప్పు కాదు. ఒకసారి చేసిన పనిని కాక, మనిషి అలవాటును చెప్పే రూపమిది. కాబట్టి జిత్తు ఒకనాటి పని కావచ్చు గాని, జిత్తులమారితో ఎప్పుడూ జాగ్రత్తగా ఉండవలసిందే.

అయితే ఏది జిత్తు, ఏది ఉపాయం? పంచతంత్రంలో కుందేలు సింహాన్ని బావి దగ్గరకు తీసుకుపోయి, నీటిలోని నీడను మరొక సింహమని నమ్మించి చంపుతుంది. చేసినది పచ్చి అబద్ధం. అయినా తెలుగు కథకులు దానిని తెలివైన కుందేలు అంటారు, దాని పనిని ఉపాయమంటారు. నక్క అదే నేర్పుతో కాకి నోటిలోని తిండిని సంపాదిస్తే జిత్తులమారి అవుతుంది. రెండింటిలోనూ బుద్ధిబలం సమానమే. మోసపోయినవాడు బలవంతుడా, బలహీనుడా అన్నదే పదాన్ని ఎన్నుకొంటున్నది. యుక్తి, కుయుక్తి అనే జంటలోని ‘కు’ కూడా పనిని గాక, ఆ పనిపై వక్త తీర్పును చెబుతుంది.

అమాయకుడు

ఈ పదజాలానికి రెండవ అంచున ‘అమాయకుడు’ ఉన్నాడు. మాయ లేనివాడన్నది పదార్థం. మాయలమారికి ఇది సూటి వ్యతిరేకం కనుక మెప్పు కావలసినది. కాని వాడుకలో కపటం తెలియనివాడు క్రమంగా ఏమీ తెలియనివాడయ్యాడు. మాయ లేకపోవడం, తెలివి లేకపోవడం ఒకే మాటలో కలిసిపోయాయి. ‘అమాయక గిరిజనులు’ అనే పదబంధం పత్రికలలో, ఉపన్యాసాలలో ఎంతగా అరిగిపోయిందంటే, దానిలోని తీర్పు ఎవరికీ వినబడడం లేదు.

జైనూర్ ప్రాంత చరిత్ర ఈ తీర్పును ప్రశ్నిస్తుంది. నిజాం పాలనలో ప్రభుత్వ రికార్డుల భాష ఉర్దూ. గోండు రైతు ఇంటి భాష గోండి. పట్టా అంటే ఏమిటో, అది ఎవరి పేరున ఉన్నదో చెప్పే కాగితం అతనికి తెలియని లిపిలో ఉండేది. అడవిని రిజర్వు చేసినప్పుడు సాగుభూమి పోయింది, అప్పుల్లో మరికొంత పోయింది. జోడెఘాట్‌లో 1940లో కుమురం భీం మరణించిన తరువాత ఈ ప్రాంతానికి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ జైనూర్‌కు దగ్గరలోని మార్లవాయిలో ఉండి పనిచేశారు. అక్కడే 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రం మొదలైంది. గోండి వాచకాలను దేవనాగరి లిపిలో తయారుచేశారు. లోటు బుద్ధిలో లేదని, కాగితం చదివే వీలులో ఉన్నదని ఆ ప్రయత్నమే చెబుతున్నది.

ఇప్పుడు రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ‘అమాయక గిరిజనుల భూములు అన్యాక్రాంతమయ్యాయి’ అన్నది ఒకటి. ‘ఉర్దూ చదవరాని రైతులతో వడ్డీవ్యాపారులు కాగితాలపై వేలిముద్రలు వేయించుకొన్నారు’ అన్నది రెండవది. మొదటి వాక్యంలో కారణం నష్టపోయినవాని స్వభావంలో ఉన్నది, చేసినవాడు కనబడడు. రెండవ వాక్యంలో చేసినవాడూ ఉన్నాడు, చేసిన పనీ ఉన్నది. జాలి చూపుతున్నట్లు కనిపించే విశేషణమొకటి కర్తను వాక్యం నుంచి తప్పించింది. ఎవరైనా తనను తాను అమాయకుణ్ణని చెప్పుకొనేది నేరారోపణను కాదనవలసి వచ్చినప్పుడే. అప్పుడు ఆ మాటకు నిర్దోషి అని అర్థం. బడిలోనో అంగడిలోనో తనను అమాయకుడిగా పరిచయం చేసుకొనేవారు కనబడరు.

ఏజెన్సీ ప్రాంతపు భూబదలాయింపు చట్టానికి ఈ విశేషణంతో పనిలేకపోయింది. 1959 నాటి ఒకటవ రెగ్యులేషన్‌ను 1970లో సవరించగా వచ్చిన రూపం జనవ్యవహారంలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరునికి బదలాయిస్తే అది చెల్లదని ఇది చెబుతుంది. అమ్మినవాడు తెలిసి అమ్మాడా, తెలియక అమ్మాడా అని అడగదు. గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనుని నుంచి వచ్చినదేనని ముందుగా భావించి, కాదని నిరూపించే భారాన్ని ఆ గిరిజనేతరునిపైనే ఉంచుతుంది.