గేదె, మేక, కోడి: గంట కష్టానికి ఎంత?

రెండెకరాల పొలం, ఒక బోరు, చేతిలో సుమారు 90 వేల రూపాయలు. పాలమూరు వైపు మెట్ట ఊళ్లో ఇలాంటి రైతు సేద్యానికి తోడుగా ఏం పెట్టుకోవాలి? కింది ధరలు లెక్క కోసం వేసుకున్నవి. మీ ఊరి ధరలతో మార్చుకోండి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

ముందు గేదె. చాలామంది పాల లెక్కను నెలకు వేస్తారు. పూటకు మూడు లీటర్ల చొప్పున రోజుకు ఆరు, లీటరుకు 50 రూపాయలు, నెలకు 9 వేలు అంటారు. ఆ లెక్కలో గేదె ఎప్పటికీ వట్టిపోదు! నిజానికి ఈతకు ఈతకు మధ్య లెక్క వేయాలి. గేదె సూడి కాలమే పది నెలలు దాటుతుంది. ఈనిన అయిదు నెలలకు చూలు నిలిచిందనుకున్నా, రెండు ఈతల మధ్య 15 నెలలు పడుతుంది. అందులో పాలిచ్చేది పది నెలలు, అంటే 300 రోజులు. మిగతా 150 రోజులు మేతే తప్ప పాలు ఉండవు.

90 వేలు పెట్టి ఒక గేదెను కొన్నామనుకుందాం. 300 రోజులకు 1,800 లీటర్లు, 90 వేల రూపాయలు. ఇచ్చే పాలలో రెండు లీటర్లకు కిలో చొప్పున దాణా పెట్టి, దాని ఒంటికని ఇంకో కిలో కలిపితే రోజుకు నాలుగు కిలోలు, 110 రూపాయలు. గడ్డీ చొప్పా కొంటే మరో 60. వట్టి రోజుల్లో దాణా కిలోకు దించినా గడ్డితో కలిపి 90 రూపాయలు తప్పవు. మొత్తం మేత ఖర్చు 64,500. మందులు, సూది, బీమాకు 6 వేలు. 15 నెలలకు మిగిలేది 19,500. రోజుకు రెండు గంటల చాకిరీ అనుకుంటే గంటకు 22 రూపాయలు కూడా రావు. అదే వరిగడ్డి మనదై, బోరు కింద పది గుంటల్లో నేపియర్ గడ్డి ఉంటే 27 వేలు ఆదా అవుతుంది. అప్పుడు గంటకు 52 రూపాయలు పడుతుంది. గేదె లాభం పాలలో కన్నా గడ్డిలో ఉందంటాను.

రెండో గండి ఎద తప్పడం. వేసవిలో గేదెలది మూగ ఎద. అరవదు, కుదురుగానే ఉంటుంది. తెల్లవారుజామున పడుకున్నప్పుడు వెనక తీగ కనిపిస్తే అదే గుర్తు. అది చూడకపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అంటే దాదాపు 1,900 రూపాయల మేత వృథా. నాలుగుసార్లు తప్పితే ఏడున్నర వేలు పోయినట్టే.

ఇక మేకలు. అవే డబ్బులకు పది ఆడమేకలు, ఒక పోతు వస్తాయి. సూడి అయిదు నెలలే కాబట్టి రెండేళ్లకు మూడు ఈతలు సాధ్యమే. కాస్త తగ్గించి ఏడాదికి 18 పిల్లలు అనుకుందాం. మూడు చనిపోయి, రెండు మందలో ఉంచుకుంటే అమ్మకానికి 13. ఒక్కోటి 6 వేలైతే 78 వేలు. మందులు, బీమా, కాస్త దాణాకు 18 వేలు పోతే 60 వేలు మిగులుతుంది. చూడ్డానికి గేదె కన్నా చాలా ఎక్కువ. కానీ రోజుకు ఆరు గంటలు మేపాలి. గంటకు 27 రూపాయలు! ఇంట్లో మేపే మనిషి ఉంటేనే ఇది ఆదాయం. జీతగాణ్ని పెడితే అతని జీతానికే సరిపోదు. మేకకున్న గొప్ప సుగుణం వేరు: బిడ్డ ఫీజుకు ఒక్కదాన్ని అమ్ముకోవచ్చు, గేదెను ముక్క చేసి అమ్మలేం. పారుడు రోగం వస్తే మాత్రం మందలో సగం పోవచ్చు. ముక్కు కారడం, నోటి పుండ్లు, ఆ వెంటనే పారుడు కనిపిస్తే అదే. రోగం రాకముందే టీకా వేయించడం ఒక్కటే దారి.

పెరటి కోళ్ల లెక్క చిన్నది. అయిదు పెట్టలు, ఒక పుంజు, రాత్రి గూడు కలిపి ఆరున్నర వేలు. పెట్టకు ఏడాదికి మూడు పొదుగులు, పొదుగుకు ఎనిమిది పిల్లలు. కాకి, గద్ద, పిల్లి పాలు పోగా సగం దక్కుతాయి. వాటిలో కొన్ని ఇంటికి ఉంచుకుని 50 కోళ్లు 400 చొప్పున అమ్మితే 20 వేలు, నూకలకు, మందులకు 6 వేలు. రోజుకు అరగంట పనికి 14 వేలంటే, గంటకు 75 పైనే. అయితే పది రెట్లు పెంచితే పది రెట్లు రాదు. పెరట్లో ఏరుకు తినే తిండి అంతే ఉంటుంది, పొరుగింటి గొడవలు మాత్రం పెరుగుతాయి.

కోళ్లను ఊడ్చేసేది కొక్కెర తెగులు. వారం వయసులో కంట్లో లసోటా చుక్క, రెండు నెలలకు సూది వేయిస్తే ఆగుతుంది. చిక్కేమిటంటే సీసా వంద కోళ్లకు పైగా సరిపడేది ఉంటుంది. కలిపాక ఐసులో ఉంచి గంట రెండు గంటల్లో వాడేయాలి. పాతిక కోళ్లున్న ఇల్లు సీసా కొనదు. వాడలో పదిళ్లు కలిసి ఒకే పొద్దున వేయించుకుంటే తలా కొద్ది రూపాయలతో పని అయిపోతుంది.

సొంత గడ్డి ఉన్నవాళ్లు గేదెతో, మేపే పెద్దమనిషి ఇంట్లో ఉన్నవాళ్లు మేకలతో మొదలుపెట్టొచ్చు. కోళ్లు ఎవరికైనా పనికొస్తాయి. రెండో గేదె కొనాలనుకుంటే మొదటిదానితో పాటే కొనకండి. అయిదారు నెలలు ఆగి కొంటే ఒకటి వట్టిపోయినప్పుడు రెండోదాని పాలు కేంద్రానికి వెళ్తుంటాయి. బేరం చేసే రోజు మాత్రం వరుసగా రెండు పూటలు దగ్గరుండి పిండించి, నాలుగు చన్నుల్లోనూ ధార సమంగా వస్తుందో లేదో చూడండి.