రెజ్యూమేకు ఏఐ మార్కులు: లేని అనుభవం ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం ఉందనుకుందాం. అరవై రెజ్యూమేలు వచ్చాయి. అన్నీ చదివే టైమ్ లేక ఓనర్ వాటిని చాట్‌బాట్‌లో పెట్టి 'వందకు ఎన్ని మార్కులు?' అని అడిగాడు. ఒకే రెజ్యూమేకు పొద్దున 72, సాయంత్రం 84 వచ్చాయి.

ఇలా ఎందుకంటే, 72 అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. కొలత ఇవ్వకపోతే మోడల్ ప్రతిసారీ తనకు తోచిన కొలతతో చూస్తుంది. అందుకే వంద మార్కులు వదిలేసి, పనిని నాలుగైదు అంశాలుగా విడగొట్టాలి. ఒక్కో మార్కుకు అర్థం రాసి పెట్టాలి. ఉదాహరణకు ఇలా:

```
అంశం: జీఎస్టీ రిటర్నులు
0 = ప్రస్తావన లేదు
1 = నేర్చుకున్నారు లేదా సాయం చేశారు
2 = స్వయంగా ఫైల్ చేశారు
ముందు ఆధార వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాయాలి.
తర్వాతే మార్కు వేయాలి.
ఆధారం లేకపోతే "లేదు" అని రాసి 0 వేయాలి.
```

ఒక్కో రెజ్యూమేను కొత్త చాట్‌లో విడిగా ఇవ్వాలి. అన్నీ కలిపి ఇస్తే ఒకరి అనుభవం ఇంకొకరి ఖాతాలో పడే ప్రమాదం ఉంది. టోటల్ మోడల్‌తో కాకుండా ఎక్సెల్‌లో వేసుకోవాలి. సెట్టింగుల్లో టెంపరేచర్ ఉంటే 0 పెడితే తేడాలు తగ్గుతాయి, కానీ పూర్తిగా పోవు. కాబట్టి మూడుసార్లు నడిపి చూడాలి. మార్కు మారిన చోట మనిషే చదవాలి.

ఇక అసలు చిక్కు. ఒక అమ్మాయి రెజ్యూమేలో 'జీఎస్టీ రిటర్నుల తయారీలో సీనియర్‌కు సాయం చేశాను' అని ఉంది. ఉద్యోగం చేసిన కాలం జూన్ 2022 నుంచి మే 2024 వరకు. మోడల్ ఈ రెండూ కలిపేసి 'రెండేళ్లు సొంతంగా రిటర్నులు ఫైల్ చేశారు' అని రాసి 2 వేసింది. ఆమె ఆ మాట ఎక్కడా అనలేదు. రేపు ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే అబద్ధాలకోరు అనిపించుకునేది మాత్రం ఆమే.

దీన్ని పట్టుకోవడానికి ఆధార వాక్యాన్ని కాపీ చేసి, రెజ్యూమే ఫైల్‌లో Ctrl+F కొట్టి వెతకాలి. దొరక్కపోతే ఆ మార్కు చెల్లదు. పీడీఎఫ్‌లో లైన్లు విరిగి ఉంటే వాక్యం ఉన్నా దొరకదు, అప్పుడు మూడు నాలుగు పదాలతో వెతికితే చాలు. దొరికినా పని అయిపోలేదు. ఆ వాక్యం ఆ మార్కుకు సరిపోతుందా అని చూడాలి. 'సాయం చేశాను' అన్నదానికి 1 మాత్రమే వస్తుంది, 2 రాదు.

సున్నాలనూ వదలకూడదు. ట్యాలీ అని రాసి ఉన్నా మోడల్ 'లేదు' అనొచ్చు. అలా పోయిన మార్కు గురించి అభ్యర్థికి ఎప్పటికీ తెలియదు.

చివరగా ఒక పరీక్ష. అదే రెజ్యూమేలో పేరు, ఊరు మాత్రం మార్చి మళ్లీ ఇవ్వాలి. మూడుసార్లు నడిపినప్పుడు కనిపించిన తేడా కంటే ఎక్కువగా మార్కు మారితే, మోడల్ పనిని కాదు, పేరును చూస్తోందని అనుమానించాలి. పేరు, ఫోటో, చిరునామా తీసేశాకే రెజ్యూమే ఇవ్వడం మేలు.