డ్రై సిరప్ (యాంటీబయోటిక్ పొడి మందు)

'''డ్రై సిరప్''' అనగా సీసాలో పొడి రూపంలో లభించి, వాడుకకు ముందు నీరు చేర్చి ద్రవంగా మార్చుకొనవలసిన మందు. బిళ్ళలు మింగలేని చిన్నపిల్లలకు యాంటీబయోటిక్ మందులను ఎక్కువగా ఈ రూపంలోనే ఇస్తారు. అమాక్సిసిల్లిన్, అమాక్సిసిల్లిన్-క్లావులానిక్ ఆమ్లం, సెఫిక్సిమ్ మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. ఈ వ్యాసంలో అమాక్సిసిల్లిన్‌ను ఉదాహరణగా తీసుకొని, పొడిని కలిపే విధానం, నిల్వ చేసే పద్ధతి, గడువు వివరించబడ్డాయి.

## పొడి రూపంలోనే ఎందుకు అమ్ముతారు

అమాక్సిసిల్లిన్ పెన్సిలిన్ కుటుంబానికి చెందిన మందు. దీని అణువులో బీటా-లాక్టమ్ వలయం అనే భాగం ఉంటుంది. బ్యాక్టీరియా తన కణ కవచాన్ని నిర్మించుకోకుండా అడ్డుకొనేది ఈ వలయమే. అయితే నీటి సమక్షంలో ఈ వలయం నెమ్మదిగా తెగిపోతుంది. ఈ చర్యను జలవిశ్లేషణ అంటారు. వలయం తెగిన అణువు మందుగా పనిచేయదు. పొడిగా ఉన్నంతకాలం నెలల తరబడి నిలిచే మందు, నీరు కలిపిన తరువాత కొద్ది రోజులు మాత్రమే నిలవడానికి కారణం ఇదే. వేడి ఈ చర్యను వేగవంతం చేస్తుంది.

## గీత యొక్క అర్థం

సీసాపైన గాని, దాని లేబుల్‌పైన గాని ఒక గీత లేదా బాణం గుర్తు ఉంటుంది. పొడి, నీరు కలిసిన తరువాత ద్రవం చేరవలసిన మట్టాన్ని ఈ గీత సూచిస్తుంది. పోయవలసిన నీటి కొలత వేరు, ఈ మట్టం వేరు. పొడిలో మందుతో పాటు చక్కెర వంటి ఇతర పదార్థాలు కూడా ఉండి కొంత చోటు ఆక్రమిస్తాయి. కాబట్టి 30 మిల్లీలీటర్ల సీసాలో 30 మిల్లీలీటర్ల నీరు పోస్తే ద్రవం గీతను దాటిపోతుంది. కొన్ని మందులకు గీతకు బదులు, పోయవలసిన నీటి పరిమాణాన్నే లేబుల్‌పై ముద్రిస్తారు. మరికొన్నింటితో పాటు శుద్ధమైన నీరు గల చిన్న సీసా వస్తుంది. అటువంటప్పుడు లేబుల్‌పై ఉన్న సూచననే పాటించాలి.

## కలిపే విధానం

# నీటిని తెర్లే వరకు కాచి, కనీసం ఒక నిమిషం పాటు తెర్లనిచ్చి, మూతపెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. కాచడం వలన నీటిలోని సూక్ష్మజీవులు నశిస్తాయి. వేడినీరు మందును పాడుచేస్తుంది గనుక, నీరు గోరువెచ్చగా ఉన్నా మరికొంతసేపు ఆగాలి.
# మూత తీయక ముందే సీసాను అరచేతిపై తట్టి, అడుగున గట్టిపడిన పొడిని వదులు చేయాలి.
# గీతకు కొంచెం దిగువ వరకు నీరు పోసి, మూత బిగించి, ఉండలు లేకుండా బాగా కుదపాలి.
# నురుగు అణిగే వరకు సీసాను కదపకుండా ఉంచాలి. పొడి రేణువుల మధ్య ఉన్న గాలి బయటకు పోవడం వలన మట్టం కొంత తగ్గుతుంది.
# సీసాను బల్లపై పెట్టి, గీతను కంటికి ఎదురుగా చూస్తూ, సరిగ్గా గీత వరకు మళ్ళీ నీరు పోయాలి. తరువాత మరొకసారి కుదపాలి.
# కలిపిన తేదీని, పారవేయవలసిన తేదీని సీసాపై వ్రాయాలి.

## కొలత తప్పితే కలిగే ఫలితం

ప్రతి 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాముల మందు ఉండే 30 మిల్లీలీటర్ల సీసాను పరిశీలిద్దాం. ఇందులోని మొత్తం మందు 750 మిల్లీగ్రాములు. నీరు ఎక్కువై ద్రవం 40 మిల్లీలీటర్లకు చేరితే, 5 మిల్లీలీటర్లలో దాదాపు 94 మిల్లీగ్రాములే ఉంటాయి. అంటే బిడ్డకు ప్రతిసారి అందవలసిన మందులో నాలుగవ వంతు తగ్గిపోతుంది. దీనికి భిన్నంగా, మొదటిసారి నీరు పోసి, మట్టం తగ్గిన తరువాత మళ్ళీ నింపకుండా 25 మిల్లీలీటర్ల వద్దనే వదిలివేస్తే, అదే 5 మిల్లీలీటర్లలో 150 మిల్లీగ్రాములు ఉంటాయి.

నీరు తక్కువైనట్లు మొదటి మోతాదు తీయక ముందే గమనిస్తే, గీత వరకు నింపి సరిదిద్దవచ్చు. కొంత మందు వాడిన తరువాత మాత్రం గీత వరకు నింపరాదు. నీరు ఎక్కువైతే సరిదిద్దే మార్గం లేదు. పైనున్న ద్రవాన్ని ఒంపివేస్తే నీటితో పాటు మందు కూడా పోతుంది, మిగిలిన దాని గాఢత మారదు. అటువంటి సీసాను వాడకుండా కొత్తది తెచ్చుకోవాలి.

## ప్రతిసారి కుదపడం

ఈ ద్రవం ఉప్పునీటి వంటి ద్రావణం కాదు. మందు రేణువులు పూర్తిగా కరగక నీటిలో తేలియాడే ఇటువంటి మిశ్రమాన్ని అవలంబనం అంటారు. కదపకుండా ఉంచితే రేణువులు అడుగుకు చేరతాయి. కుదపకుండా పోస్తే మొదటి రోజు పలుచని ద్రవంలో మందు తక్కువగాను, చివరి రోజు చిక్కని ద్రవంలో ఎక్కువగాను అందుతుంది. కాబట్టి ప్రతి మోతాదుకు ముందు, సీసా అడుగున పొర కనిపించనంత వరకు కుదపాలి. వంటింటి చెంచాల పరిమాణం ఒకేలా ఉండదు గనుక, మందుతో వచ్చిన కొలత మూతను గాని, గీతలున్న సిరంజిని గాని వాడాలి.

## నిల్వ

అమాక్సిసిల్లిన్-క్లావులానిక్ ఆమ్లం మిశ్రమాన్ని తప్పనిసరిగా రిఫ్రిజిరేటర్‌లో, 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఇందులోని క్లావులానిక్ ఆమ్లం అమాక్సిసిల్లిన్ కంటే త్వరగా విచ్ఛిన్నమవుతుంది. మందును గడ్డకట్టనివ్వరాదు. మాటిమాటికీ తెరిచే తలుపు అరలో కంటే లోపలి అరలో ఉంచడం మంచిది. అన్ని డ్రై సిరప్‌లకు ఇదే నియమం వర్తించదు. ఉదాహరణకు, క్లారిత్రోమైసిన్ ద్రవాన్ని రిఫ్రిజిరేటర్‌లో ఉంచకూడదు.

వేసవిలో 40 డిగ్రీలు దాటే తెలుగు ప్రాంతాలలో, రిఫ్రిజిరేటర్ లేని ఇంట్లో "గది ఉష్ణోగ్రత" అనే మాటను నమ్ముకోవడానికి వీలులేదు. ఈ సంగతిని వైద్యునికి ముందే చెప్పాలి. అమాక్సిసిల్లిన్ నీటిలో వేయగానే విడిపోయే బిళ్ళల రూపంలో కూడా లభిస్తుంది. వాటిని ప్రతి మోతాదుకు అప్పటికప్పుడు కలుపుకోవచ్చు.

## రెండు గడువులు

సీసాపై ముద్రించిన గడువు తేదీ నీరు కలపని పొడికి మాత్రమే వర్తిస్తుంది. నీరు కలిపిన క్షణం నుండి రెండవ గడువు మొదలవుతుంది. అది మందును బట్టి, తయారీని బట్టి మారుతుంది. భారతదేశంలో దొరికే చాలా అమాక్సిసిల్లిన్ సీసాలపై 7 రోజులని ఉంటుంది. అటువంటి సీసాను మార్చి 3న కలిపితే, ముద్రిత గడువు మరో ఏడాది ఉన్నప్పటికీ, మార్చి 10న మిగిలినది పారవేయాలి.

వైద్యుడు 5 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లు, 5 రోజులు వాడమన్నాడనుకుందాం. మొత్తం 75 మిల్లీలీటర్లు కావాలి. 30 మిల్లీలీటర్ల సీసా రెండు రోజులకే అయిపోతుంది గనుక మూడు సీసాలు అవసరం. మూడింటినీ ఒకేసారి కలపక, ఒకటి పూర్తయిన తరువాతనే మరొకటి కలపాలి. ఒక సీసా అయిపోగానే చికిత్స పూర్తయిందని భావించడం పొరపాటు. మూడవ సీసాలో మిగిలే 15 మిల్లీలీటర్లను తరువాతి జ్వరానికి దాచరాదు.

రంగు ముదరడం, వాసన మారడం, కుదిపినా విడిపోని ఉండలు ఏర్పడడం మందు చెడిపోయిందనడానికి గుర్తులు. అయితే ఇవి కనిపించనంత మాత్రాన మందు బాగున్నట్లు కాదు. బీటా-లాక్టమ్ వలయాలు తెగిపోయినప్పటికీ ద్రవం మునుపటి వలెనే కనిపించవచ్చు, రుచి కూడా మారకపోవచ్చు. అందువలన కలిపిన రోజున సీసాపై వ్రాసిన తేదీయే నమ్మదగిన ఆధారం.